మేనమామకు హీమోఫీలియా ఉంటే పుట్టబోయే పిల్లలకు అవకాశం ఎంత? వంశవృక్షం గీసి లెక్కకట్టే పద్ధతి

డెల్టాలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఎక్స్ లింక్డ్ రెసెసివ్ పాఠం అయిన వారంలో ఎవరో ఒకరు స్టాఫ్‌రూమ్ దగ్గర ఆగి, "సార్, మా మేనమామకు రక్తం గడ్డకట్టని జబ్బు ఉంది. మా అక్కకి సంబంధం చూస్తున్నారు. లెక్క ఎలా వేయాలి?" అని అడుగుతారు. పుస్తకంలో ఉండేది ఒక తరం లెక్క. ఇంట్లో ఎదురయ్యేది మూడు తరాల లెక్క, పైగా మధ్యలో మేనరికం కూడా ఉంటుంది. అందుకే హీమోఫీలియా ఉన్న ఒక కుటుంబాన్ని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తున్నాను.

## 1. ముందుగా గుర్తుంచుకోవాల్సిన నాలుగు వాక్యాలు

హీమోఫీలియా ఎ, బి రెండింటికీ కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాడికి ఎక్స్ ఒక్కటే కాబట్టి, అది లోపమున్నదైతే జబ్బు బయటపడుతుంది. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు కాబట్టి, ఒకదానిలో లోపం ఉన్నా రెండోది చాలావరకు కాస్తుంది. అలాంటి స్త్రీని క్యారియర్ అంటాం.

లెక్క మొత్తం ఈ నాలుగు వాక్యాల మీదే నడుస్తుంది:

- క్యారియర్ తల్లి కొడుక్కి జబ్బు రావడానికి 1/2 అవకాశం, కూతురు క్యారియర్ కావడానికి 1/2 అవకాశం.
- జబ్బున్న తండ్రి కూతుళ్లందరూ క్యారియర్లే. ఇందులో "కావచ్చు" అనే మాట లేదు.
- జబ్బున్న తండ్రి నుంచి కొడుక్కి జబ్బు రాదు, ఎందుకంటే కొడుక్కి తండ్రి ఇచ్చేది వై క్రోమోజోమ్.
- ఆరోగ్యంగా ఉన్న మగవాడు క్యారియర్ కాడు. ఆయనకు ఉన్న ఒక్క ఎక్స్ మంచిది.

నాలుగో వాక్యాన్ని చాలామంది మర్చిపోతారు. "అబ్బాయి బాగానే ఉన్నాడు కానీ లోపల దాగి ఉందేమో" అని సంబంధం వదులుకున్న ఇళ్లను చూశాను. తీవ్రమైన హీమోఫీలియాలో ఆరోగ్యమైన మగవాడిలో దాగి ఉండటం జరగదు.

## 2. కాగితం మీద గీతకు ముందు ఇంట్లో అడగాల్సినవి

లెక్క తప్పడం కంటే కుటుంబ వివరాలు తప్పడమే ఎక్కువ. ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర మధ్యాహ్నం పూట తీరిగ్గా కూర్చోండి. జబ్బు పేరు అడగకండి, ఆవిడకు అది తెలియకపోవచ్చు. పన్ను పీకించినప్పుడు రక్తం ఆగనివాళ్లు, చిన్నప్పుడు మోకాలు పదేపదే వాచి కుంటినవాళ్లు, ఒంటిమీద ఊరికే నల్లమచ్చలు పడినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగండి. చిన్నతనంలోనే పోయిన మగపిల్లలు ఉన్నారా అని కూడా, మెల్లగా, అడగాలి.

మన చుట్టరికపు మాటలతో ఇంకో చిక్కు ఉంది. పిన్ని కొడుకునీ తమ్ముడనే అంటాం, పెదనాన్న కొడుకునీ అన్నయ్యనే అంటాం. జన్యువుల లెక్కలో ఈ ముగ్గురూ పూర్తిగా వేరు. సొంత తమ్ముడికి జబ్బు ఉంటే దృష్టి నేరుగా మీ అమ్మ మీదకు వస్తుంది. పిన్ని కొడుక్కి ఉంటే అమ్మమ్మ దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ దిగి రావాలి. పెదనాన్న కొడుక్కి ఉంటే మీ నాన్న ఆరోగ్యంగా ఉన్నంతవరకు మీకు ఏ సంబంధమూ లేదు.

మొదట్లో నేనే ఇక్కడ తప్పు చేశాను. ఒక అమ్మాయి "మా తమ్ముడికి ఉంది" అంటే సొంత తమ్ముడనుకుని లెక్క వేసి చెప్పాను. రెండు రోజుల తర్వాత తెలిసింది, వాళ్ల పిన్ని కొడుకని. ఆ రెండు రోజులూ ఆ అమ్మాయి ఉండాల్సిన దానికంటే ఎక్కువ టెన్షన్ పడింది. అప్పటి నుంచి ప్రతి పేరు దగ్గరా ఈ ప్రశ్నలు అడగకుండా పెన్సిల్ పెట్టను:

- ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లేనా? (తండ్రి ఒకడే, తల్లులు వేరైతే ఈ లెక్క మారిపోతుంది.)
- పెంచుకున్నారా, కన్నారా? (అక్క కొడుకుని దత్తత తీసుకోవడం మన దగ్గర మామూలే.)
- మగపిల్లలు ఎందరు, ఒక్కొక్కరి వయసెంత?
- భార్యాభర్తలకు పెళ్లికి ముందే చుట్టరికం ఉందా?
- జబ్బు ఏదో డాక్టరు ఖాయం చేశారా? కాగితం ఉందా?

చివరి ప్రశ్నను వదిలేయకండి. రక్తం ఆగని జబ్బులన్నీ ఎక్స్ మీదవి కావు. వాన్ విల్లెబ్రాండ్ జబ్బులోనూ రక్తం ఆగదు, కానీ దాని జన్యువు ఎక్స్ మీద లేదు, ఆడా మగా ఇద్దరికీ వస్తుంది. అలాంటి ఇంట్లో ఈ లెక్క పనికిరాదు.

## 3. వంశవృక్షం గీయడం

మగవాడికి చతురస్రం, ఆడమనిషికి వృత్తం. జబ్బున్నవాళ్ల గుర్తును పూర్తిగా నింపండి. క్యారియర్ అని ఖాయమైన స్త్రీ వృత్తంలో చుక్క పెట్టండి. చుట్టాల పెళ్లికి రెండు అడ్డగీతలు గీయండి. ఒక తరం వాళ్లంతా ఒకే వరుసలో ఉండాలి. వయసు గుర్తు కిందే రాయండి.

మన ఉదాహరణ కుటుంబం ఇది. పేర్లు నేను పెట్టినవే.

అమ్మమ్మ ఊరు రాజోలు వైపు. ఆవిడకు ముగ్గురు పిల్లలు: పెద్ద కొడుకు రాంబాబు, చిన్న కొడుకు శ్రీను, కూతురు సుజాత. కొడుకులిద్దరికీ తీవ్రమైన హీమోఫీలియా ఎ. రాంబాబుకు బయటి సంబంధం చేశారు. ఆయనకు ఒక కొడుకు, ఒక కూతురు. శ్రీనుకు పెళ్లి కాలేదు. సుజాతను చించినాడ వంతెన దాటించి పాలకొల్లు ఇచ్చారు. ఆమెకు ముగ్గురు పిల్లలు: పద్మ, ఆమె తర్వాత ఇద్దరు తమ్ముళ్లు. తమ్ముళ్లకు 19, 16 ఏళ్లు, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. ప్రశ్న పద్మది: "నాకు పుట్టే పిల్లలకు వచ్చే అవకాశం ఎంత?"

## 4. ఖాయమైన క్యారియర్లకు చుక్క పెట్టడం

లెక్క పద్మ దగ్గర మొదలుపెట్టకూడదు. ఎవరి విషయంలో అనుమానమే లేదో వాళ్ల దగ్గర మొదలుపెట్టి కిందికి దిగాలి.

ఒక స్త్రీని ఖాయంగా క్యారియర్ అని ఎప్పుడు అంటాం? ఆమె తండ్రికి జబ్బు ఉన్నప్పుడు. ఇద్దరు కొడుకులకు జబ్బు ఉన్నప్పుడు. లేదా ఒక కొడుక్కీ, తల్లి వైపు మరో మగవాడికీ (సొంత తమ్ముడు, మేనమామ లాంటివాళ్లు) జబ్బు ఉన్నప్పుడు.

ఈ కుటుంబంలో అమ్మమ్మకు ఇద్దరు కొడుకులు, కాబట్టి చుక్క పెట్టండి. రాంబాబు కూతురి తండ్రికి జబ్బు ఉంది, ఆమెకూ చుక్క పెట్టండి. సుజాత, పద్మలకు ఇప్పుడే ఏమీ పెట్టకూడదు.

వంశంలో జబ్బున్నది ఒక్కడే అయితే ఇంత ధీమాగా తల్లికి చుక్క పెట్టలేం. ఆ పిల్లవాడిలోనే లోపం కొత్తగా పుట్టి ఉండవచ్చు. ఇలాగే ఎక్స్ మీద నడిచే డుషెన్ కండరాల జబ్బులో ఇలాంటి ఒంటరి కేసు తల్లి క్యారియర్ అయ్యే అవకాశాన్ని సాధారణంగా 2/3గా తీసుకుంటారు. తల్లి రక్తపరీక్షలో లోపం కనబడకపోయినా ఆమె అండాల్లో కొన్నింటిలో ఉండవచ్చు, కాబట్టి అవకాశం పూర్తిగా సున్నా కాదు. ఒంటరి కేసు లెక్కను జెనెటిక్స్ డాక్టరుతో వేయించుకోవడం మేలు.

## 5. సుజాత లెక్క: ఆరోగ్యమైన కొడుకులు ఏం చెబుతున్నారు

అసలు పని ఇక్కడుంది. అమ్మమ్మ క్యారియర్ కాబట్టి సుజాత పుట్టినప్పుడు ఆమె క్యారియర్ అయ్యే అవకాశం 1/2. చాలామంది ఇక్కడే ఆగి, పద్మకు 1/4 అని రాసేస్తారు. కానీ సుజాతకు ఆరోగ్యమైన కొడుకులు ఇద్దరున్నారు. ఆమె క్యారియర్ అయి ఉంటే ఇద్దరూ తప్పించుకోవడం అంత తేలిక కాదు. ఆ సమాచారాన్ని లెక్కలోకి తేవాలి.

సూత్రం పక్కన పెట్టి మనుషులను లెక్కపెడదాం. సుజాత లాంటి స్త్రీలు 80 మంది ఉన్నారనుకోండి. అందరి తల్లులూ క్యారియర్లే, అందరికీ ఇద్దరేసి కొడుకులు.

- ఆ 80 మందిలో 40 మంది క్యారియర్లు, 40 మంది కారు.
- క్యారియర్లైన 40 మందిలో కొడుకులిద్దరూ ఆరోగ్యంగా ఉండేది నాలుగో వంతు మందికి, అంటే 10 మందికి. (1/2 × 1/2 = 1/4)
- క్యారియర్లు కాని 40 మందికీ ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు.

మన సుజాత "ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్న" గుంపులోని మనిషి. ఆ గుంపులో 10 + 40 = 50 మంది ఉన్నారు. వాళ్లలో క్యారియర్లు 10 మంది. కాబట్టి సుజాతకు ఇప్పుడు 10/50, అంటే 1/5. రెండింట ఒకటి కాస్తా ఐదింట ఒకటి అయింది.

ఇదే భిన్నాల్లో రాస్తే:

```
1/2 × 1/4 = 1/8
1/2 × 1   = 1/2
(1/8) ÷ (1/8 + 1/2) = 1/5
```

మొదటి వరుస "క్యారియర్, అయినా ఇద్దరూ బాగున్నారు". రెండోది "క్యారియర్ కాదు, ఇద్దరూ బాగున్నారు". మూడో వరుసలో మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగించాం. ఆరోగ్యమైన కొడుకు ఒక్కడే అయితే 1/3 వస్తుంది, ముగ్గురైతే 1/9. మీరే 80 మందితో ఒకసారి చేసి చూడండి. మొదటిసారి చేతులతో లెక్కపెట్టినవాళ్లకు తర్వాత భిన్నాలు భయపెట్టవు.

ఈ దశలో తరచుగా జరిగే పొరపాట్లు మూడు.

ఆరోగ్యమైన కూతుళ్లను కూడా లెక్కలో చేర్చడం మొదటిది. సుజాత క్యారియర్ అయినా కాకపోయినా కూతురు ఆరోగ్యంగానే కనబడుతుంది, కాబట్టి పద్మ బాగుండటం సుజాత గురించి ఏమీ చెప్పదు. కొడుకులను మాత్రమే లెక్కపెట్టండి.

రెండోది వయసు చూడకపోవడం. తీవ్రమైన హీమోఫీలియా సాధారణంగా బిడ్డ పాకడం, నడవడం మొదలుపెట్టే రోజుల్లోనే మచ్చలుగా, వాపులుగా బయటపడుతుంది. 19, 16 ఏళ్ల కుర్రాళ్లను ఆరోగ్యమైనవాళ్లుగా లెక్కపెట్టడానికి ఇబ్బంది లేదు. తక్కువ తీవ్రత ఉన్న రకమైతే ఆపరేషనో పన్ను పీకడమో జరిగేదాకా తెలియకపోవచ్చు, అక్కడ రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఎంత ఉందో పరీక్ష చేయించాకే లెక్కపెట్టాలి. డుషెన్ లక్షణాలు ఎక్కువగా మూడు నుంచి ఐదేళ్ల మధ్య కనబడతాయి, కాబట్టి ఏడాది పిల్లవాణ్ని ఆ లెక్కలో చేర్చకూడదు.

మూడోది, ఆ ఇద్దరు తమ్ముళ్లను నేరుగా పద్మ ఖాతాలో వేయడం. వాళ్లు సుజాత కొడుకులు, కాబట్టి సుజాత గురించే సాక్ష్యం చెబుతారు. పద్మకు ఆ లాభం సుజాత ద్వారానే అందుతుంది.

## 6. పద్మ లెక్క

ఇక దిగడమే. సుజాత 1/5. ఆమె క్యారియర్ అయితే పద్మకు ఆ ఎక్స్ వచ్చే అవకాశం 1/2.

```
1/5 × 1/2 = 1/10
```

పద్మ క్యారియర్ అయ్యే అవకాశం పదింట ఒకటి. ఆమె బయటి సంబంధం చేసుకుంటే, భర్త ఆరోగ్యవంతుడైతే:

- పుట్టింది మగపిల్లవాడే అని తెలిస్తే: 1/10 × 1/2 = 1/20
- ఆడో మగో ఇంకా తెలియనప్పుడు, ఒక్కో కాన్పుకు: 1/20 × 1/2 = 1/40

ఈ రెండు జవాబులూ సరైనవే. ప్రశ్నలే వేరు. "కొడుక్కి వచ్చే అవకాశమా, బిడ్డకు వచ్చే అవకాశమా?" అని అడిగేవాళ్లతో ముందే తేల్చుకోండి. మగపిల్లవాడు అనే మాటను ప్రశ్నలో ఒకసారి, లెక్కలో మరోసారి వాడి 1/2తో రెండుసార్లు గుణించడం నా విద్యార్థుల పేపర్లలో ఎక్కువగా కనబడే తప్పు.

రేపు పద్మకు కొడుకు పుట్టి ఆరోగ్యంగా ఎదిగాడనుకోండి. పద్మ 1/10 మీద 5వ దశనే మళ్లీ చేయండి. క్యారియర్ అయి కొడుకు బాగుండటం 1/10 × 1/2 = 1/20. క్యారియర్ కాకపోవడం 9/10, అంటే 18/20. మొత్తంలో ఆమె వాటా 1/19. పెద్దగా తగ్గలేదు, ఎందుకంటే మొదటి నుంచీ తక్కువే ఉంది.

అదే సుజాతకు జబ్బున్న మూడో కొడుకు పుట్టి ఉంటే? అప్పుడు పైన తగ్గిందంతా చెరిపేయాలి. జబ్బున్న కొడుకు, జబ్బున్న అన్నదమ్ములు ఉన్న సుజాత ఖాయంగా క్యారియర్. పద్మ 1/2. ఆరోగ్యమైన ఇద్దరు కొడుకులు ఇక ఆ లెక్కను తగ్గించలేరు.

## 7. మేనరికం వస్తే: మూడు సంబంధాలు, మూడు జవాబులు

"మేనరికం కాబట్టి ముప్పు ఎక్కువ" అనే మాట ఈ జబ్బు విషయంలో కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల కాదు. ఎవరి ఎక్స్ ఎటు వెళ్తోందో గీత మీద వేలుపెట్టి చూడాలి. ఇదే కుటుంబంలో మూడు సంబంధాలు అనుకుందాం.

పద్మకు రాంబాబు కొడుకు. పెద్దలు ఎక్కువగా భయపడేది దీనికే, "వాళ్ల నాన్నకే ఉంది కదా" అని. కానీ ఆ అబ్బాయికి తండ్రి నుంచి వచ్చింది వై. ఎక్స్ వాళ్లమ్మది, ఆవిడ బయటి మనిషి. అతను ఆరోగ్యంగా ఉన్నాడు, కాబట్టి హీమోఫీలియా విషయంలో బయటి పెళ్లికొడుకుతో సమానం. పద్మ జవాబు మారదు: కొడుక్కి 1/20, కాన్పుకు 1/40. (దగ్గరి చుట్టాల పెళ్లిలో ఎక్స్ మీద లేని వేరే రెసెసివ్ జబ్బుల ముప్పు పెరుగుతుంది. అది వేరే లెక్క, దాన్ని డాక్టరును విడిగా అడగాలి.)

పద్మ తమ్ముడికి రాంబాబు కూతురు. మరదలు, బావ, ఇద్దరూ చక్కగా ఉన్నారు. ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ అమ్మాయికి 4వ దశలోనే చుక్క పెట్టాం, ఆమె ఖాయంగా క్యారియర్. పుట్టే ప్రతి కొడుక్కీ 1/2, కాన్పుకు 1/4. పద్మ తమ్ముడి నుంచి ఏమీ చేరదు. ఆ అమ్మాయిని బయటివాడికి ఇచ్చినా ఇదే జవాబు. ఇక్కడ ముప్పు మేనరికంతో వచ్చింది కాదు, ఆమె తండ్రి నుంచి వచ్చింది. మూడింటిలో మొదట కంగారు పడాల్సిన ఇల్లు ఇదే, కానీ కంగారు పడనిదీ ఇదే.

పద్మకు మేనమామ శ్రీను. ఈసారి రెండు వైపులా చూడాలి. శ్రీను ఎక్స్ కూతుళ్లందరికీ తప్పక వెళ్తుంది, కాబట్టి కూతుళ్లందరూ కనీసం క్యారియర్లు. పద్మ కూడా క్యారియర్ అయి (1/10), ఆమె లోపమున్న ఎక్స్ ఇస్తే (1/2), కూతురికి రెండు ఎక్స్‌లూ లోపమున్నవే అవుతాయి, జబ్బు వస్తుంది: 1/20. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై కాబట్టి పద్మ వైపు నుంచే రావాలి, అదీ 1/20. ఆడైనా మగైనా 1/20 కాబట్టి కాన్పుకు కూడా 1/20. బయటి సంబంధంతో పోలిస్తే ఇది రెట్టింపు. పైగా పుట్టే ప్రతి కూతురి పెళ్లి నాటికీ ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

"ఆడపిల్లలకు రాదు" అని తరగతిలో నేర్చుకున్న వాక్యం పనిచేయనిది ఇక్కడే. క్యారియర్లలోనూ కొందరికి ఫ్యాక్టర్ తక్కువగా ఉండి కాన్పులోనో నెలసరిలోనో రక్తం ఎక్కువ పోతుంది. అందుకే చుక్క పెట్టిన ప్రతి స్త్రీకీ ఒకసారి ఫ్యాక్టర్ స్థాయి చూపించడం మంచిది. అయితే స్థాయి మామూలుగా ఉన్నంత మాత్రాన క్యారియర్ కాదని తేల్చేయకూడదు.

## 8. లెక్క సరిచూసుకోవడానికి

- ఖాయమైన క్యారియర్లందరికీ చుక్క పెట్టాకే కిందికి దిగానా?
- ఆరోగ్యమైన కొడుకులను వాళ్ల సొంత తల్లి దగ్గరే వాడానా?
- ఆరోగ్యమైన ఏ మగవాడికైనా పొరపాటున "క్యారియర్" అని రాశానా?
- తండ్రి నుంచి కొడుక్కి జబ్బు వెళ్లినట్టు ఎక్కడైనా గీశానా? అలా నిజంగా జరిగి ఉంటే తల్లి వైపు కూడా చూడాలి, లేదా జబ్బు నిర్ధారణ మళ్లీ అడగాలి.
- జవాబు కొడుక్కా, కాన్పుకా అని పక్కన రాశానా?
- మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదని తగ్గించానా? క్యారియర్ తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ మళ్లీ అదే 1/2.

## 9. లెక్క తర్వాత పరీక్ష

1/10 అనేది పద్మ గురించి ప్రస్తుతం మనకు తెలిసినంత. నిజానికి ఆమె అయితే క్యారియర్, లేకపోతే కాదు. జన్యు పరీక్ష ఆ 1/10ని 1గానో, 0గానో మారుస్తుంది.

పరీక్షలో వరుస ముఖ్యం. ముందుగా జబ్బున్న రాంబాబు లేదా శ్రీను రక్తంలో ఏ లోపం ఉందో కనిపెట్టాలి. తీవ్రమైన హీమోఫీలియా ఎ ఉన్నవాళ్లలో సగానికి కాస్త తక్కువ మందిలో ఇంట్రాన్ 22 ఇన్వర్షన్ అనే మార్పు కనబడుతుంది, అందుకే ల్యాబులు సాధారణంగా దానితోనే మొదలుపెడతాయి. ఆ లోపం తెలిశాక అదే లోపం కోసం సుజాతకు చూడాలి. సుజాతకు లేకపోతే పద్మకు చేయించనక్కర్లేదు. మేనమామల రక్తం చూడకుండా నేరుగా పద్మకు చేయించి "ఏమీ దొరకలేదు" అని రిపోర్టు తెచ్చుకుంటే, దాన్ని నమ్మి 1/10 చెరిపేయడానికి లేదు.

పరీక్ష పెళ్లికి ముందే, లేకపోతే గర్భం రాకముందే అయిపోతే ఊపిరి తీసుకునే సమయం ఉంటుంది. గర్భంలో పరీక్ష అవసరమైతే మాయ నుంచి చిన్న ముక్క తీసే పరీక్ష సాధారణంగా 11 నుంచి 13 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 15 వారాల తర్వాత చేస్తారు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కూడా ఇలాంటి ఎక్స్ లింక్డ్ జబ్బుల కోసం రిజిస్టరైన కేంద్రాల్లో పరీక్షకు అనుమతిస్తుంది.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు గీసిన వంశవృక్షం, మేనమామల ఫ్యాక్టర్ రిపోర్టులు, అమ్మమ్మ చెప్పిన చిన్నప్పుడే పోయిన పిల్లల వివరాలు ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లండి. వీలైతే శ్రీనునో రాంబాబునో వెంట తీసుకెళ్లండి, మొదటి శాంపిల్ వాళ్లదే కావాలి.